ఫౌండర్‌కి ఆ సాయంత్రమే ఆరు వాక్యాలు

ఇంటర్వ్యూ 45 నిమిషాలు అనుకున్నాం, 22 నిమిషాల్లో అయిపోయింది. కాల్ లింక్ పంపింది ఫౌండరే, ప్రశ్నలు అడిగింది ఆయనే, మధ్యలో రెండుసార్లు ఇంకో ఫోన్ మోగితే కట్ చేసిందీ ఆయనే. నా అనుభవం గురించి రెండే ప్రశ్నలు అడిగారు. మిగతా సమయమంతా వాళ్లకున్న ఒక సమస్య గురించే మాట్లాడారు, నేను మధ్యలో ఆపి ఏవో అడుగుతుంటే ఇంకాస్త హుషారుగా వివరించారు. చివర్లో "బాగుంది, త్వరగా కానిచ్చేద్దాం, ఈ రాత్రికి మెసేజ్ పెడతాను" అని కాల్ పెట్టేశారు.

అది సోమవారం సాయంత్రం నాలుగున్నర. ఆ తర్వాత రెండున్నర గంటల్లో నేను రాసిన చిన్న మెయిల్ గురించే ఈ వ్యాసం. చిన్న కంపెనీల్లో, అంటే పది పన్నెండు మంది ఉండి హెచ్‌ఆర్ అనే మనిషే లేని చోట, ఇంటర్వ్యూ తర్వాత పంపే మెయిల్ మనం అనుకునే 'థ్యాంక్యూ మెయిల్' జాతికి చెందింది కాదని నా వాదన. దాని పని వేరు, కాబట్టి దాని రూపం కూడా వేరుగా ఉండాలి.

పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ అయ్యాక మనకు కనిపించకుండా కొన్ని పనులు జరుగుతాయి. మనతో మాట్లాడినవాళ్లు వాళ్ల అభిప్రాయాన్ని ఒక ఫారంలో రాస్తారు. రిక్రూటర్ ఆ ఫారంలన్నీ పోగేసి, తర్వాతి రౌండ్ ఎవరితో, ఎప్పుడు అని క్యాలెండర్లు చూస్తారు. ఎవరైనా మర్చిపోతే గుర్తుచేసే మనిషి ఉంటారు. మన మెయిల్ వెళ్లినా వెళ్లకపోయినా ఆ బండి నడుస్తుంది, అందుకే అక్కడ థ్యాంక్యూ మెయిల్ మర్యాదకు మాత్రమే.

పన్నెండు మంది ఉన్న కంపెనీలో ఆ బండే ఉండదు. ఫౌండర్ మనతో మాట్లాడుతూ నోట్స్ రాసుకోరు. మనల్ని ఎందుకు మెచ్చుకున్నారో ఆ కారణం ఆయన తలలో మాత్రమే ఉంటుంది, కాల్ అయిన పది నిమిషాలకు దాని మీద ఒక కస్టమర్ ఫిర్యాదు, జీతాల ఫైలు, ఇన్వెస్టర్ అడిగిన లెక్క వచ్చి పడతాయి. తర్వాతి అడుగు ఎవరిది అంటే ఆయనదే, కానీ ఆ అడుగు వేయాలంటే ఆయన కూర్చుని ఆలోచించాలి: ఇంకెవరితో మాట్లాడించాలి, ఏం పరీక్షించాలి, ఏ రోజు కుదురుతుంది. ఆ ఆలోచనకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు దొరకకే వారాలు గడిచిపోతాయి.

ఆ లోటును పూడ్చడమే మన మెయిల్ పని: కాల్‌లో ఏం మాట్లాడుకున్నామో ఒక చోట రాసి ఉంచాలి, తర్వాతి అడుగును ఆయన తరఫున మనమే ఆలోచించి ఆయన 'సరే' అంటే చాలు అన్నట్టు ముందు పెట్టాలి. ఇంకేమీ అక్కర్లేదు.

నేను ఆ రోజు మొదట రాసింది అలా లేదు. ఇంకా చెప్పాలంటే మొదట అసలు రాయొద్దనుకున్నాను, రాత్రికి మెసేజ్ పెడతానన్నారు కదా, ముందే పంపితే తొందరపడినట్టు ఉంటుందేమోనని. తర్వాత మనసొప్పక కూర్చుని రాస్తే 240 మాటలు అయింది. మీ విలువైన సమయాన్ని కేటాయించినందుకు ధన్యవాదాలతో మొదలై, కంపెనీ లక్ష్యం నన్ను ఎంతగా ఆకట్టుకుందో ఒక పేరా, నా గత ఉద్యోగాల గురించి ఇంకో పేరా (ఇవన్నీ రెజ్యూమెలో ఉన్నవే), చివర్లో 'మీ స్పందన కోసం ఎదురుచూస్తుంటాను'. గతంలో నాతో పనిచేసి, తర్వాత సొంతంగా ఒక చిన్న కంపెనీ నడిపిన ఒకావిడ ఉన్నారు, ఆవిడకు పంపి చూడమన్నాను. ఆవిడ ఫోన్ చేసి ఒకటే అడిగారు: "ఇది చదివాక ఆయన ఏం చేయాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఎదురుచూస్తుంటాను అంటే పని మళ్లీ ఆయన నెత్తినే పెట్టాను.

"అసలు ఆయన నీతో దేని గురించి ఎక్కువసేపు మాట్లాడాడు? దాంతో మొదలుపెట్టు. ఫోన్‌లో మెయిల్ తెరవకముందే కనిపించేది మొదటి వాక్యమే కదా" అన్నారు ఆవిడ.

ఆ కంపెనీ చిన్న గోడౌన్లకు సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆయన ఎక్కువసేపు చెప్పింది ఏంటంటే, కొత్త కస్టమర్ డబ్బు కట్టాక అసలు వాడకం మొదలుపెట్టడానికి మూడు వారాలు పడుతోంది, ఎందుకంటే ఒక్కొక్కరు తమ సరుకు జాబితాను ఒక్కో రకం ఎక్సెల్ ఫైల్‌లో పంపుతారు, దాన్ని చేత్తో సరిచేయడానికే ఒక ఇంజనీర్ సమయం పోతోంది. ఆ మూడు వారాల్లో కొందరు విసిగిపోయి వెనక్కి వెళ్లిపోతున్నారు. ఇలాంటి ఫైళ్లను శుభ్రం చేసే పని నేను పాత ఉద్యోగంలో ఏడాదిన్నర చేశాను.

ఏడు గంటలకు వెళ్లిన మెయిల్ ఇది:

"నమస్తే అండీ. కస్టమర్ల ఎక్సెల్ ఫైళ్ల వల్ల మూడు వారాలు పోతున్నాయన్నారు కదా, అది మొదటి రెండు నెలల్లో నేను తీసుకోగల పని. పాత ఉద్యోగంలో ఇలాంటి ఫైళ్లకు కాలమ్‌లు సరిపోల్చే టూల్ ఒకటి రాశాను, చాలావరకు చేతిపని తగ్గింది. గురువారం 11కి గానీ శుక్రవారం 4కి గానీ 45 నిమిషాలు కూర్చుందామా? పేర్లు, ధరలు తీసేసిన రెండు పాత ఫైళ్లు మీరు పంపితే, వాటిని ఎలా విడదీస్తానో అక్కడే చూపిస్తాను. మీరు కాక ఇంకెవరైనా నాతో మాట్లాడాల్సి ఉంటే వాళ్లనూ అదే కాల్‌కి పిలవండి. నా నోటీస్ పీరియడ్ 30 రోజులు."

పలకరింపు పక్కన పెడితే ఆరు వాక్యాలు. ఇందులో ధన్యవాదాలు లేవని కొందరు స్నేహితులు ఆశ్చర్యపోయారు. ఒక ముక్క చివర్లో పెడితే తప్పేం లేదు, మొదట్లో పెడితేనే ఇబ్బంది. నోటిఫికేషన్‌లో కనిపించే ఆ కాస్త జాగాలో 'మీ విలువైన సమయాన్ని' అని ఉంటే, ఆ రోజు ఆయనకు వచ్చిన అమ్మకపు మెయిళ్లకూ మన మెయిల్‌కూ తేడా తెలియదు. మనకు మరీ సూటిగా అడిగితే ఎదుటివాళ్లను తక్కువ చేసినట్టు అనిపిస్తుంది, అందుకని 'వీలుచూసుకుని', 'అవకాశం ఉంటే', 'అన్యథా భావించకపోతే' అని పొరలు పొరలుగా చుడతాం. అంత అవసరం లేదు. 'మీరు' ఉంది, 'అండీ' ఉంది, గౌరవం అక్కడే వచ్చేసింది, వాక్యం తిన్నగా ఉండొచ్చు.

రెండు సమయాలు ఎందుకిచ్చానంటే, 'మీకు ఎప్పుడు వీలవుతుంది' అని అడిగితే ఆయన క్యాలెండర్ తెరవాలి. రెండింట్లో ఒకటి ఎంచుకోవడం బొటనవేలితో అయిపోయే పని. ఐదారు సమయాలిస్తే మళ్లీ మొదటికొస్తుంది, రెండు చాలు. అలాగని నేనే క్యాలెండర్ ఇన్వైట్ పంపలేదు, అడక్కుండా పంపితే ఆయన రోజులోకి చొరబడినట్టు ఉంటుంది. ఆయన సరే అన్నాక పంపాను.

ఫైళ్లతో కూర్చుంటాను అన్న మాటకు హద్దు పెట్టడం ముఖ్యం. చిన్న కంపెనీల్లో 'ఊరికే ఒక శాంపిల్ చేసి పంపండి' అంటారు, చాలావరకు దురుద్దేశం ఉండదు, పరీక్షించే పద్ధతి ఇంకొకటి వాళ్లకు తెలియదంతే. కానీ మనం ఉత్సాహంలో వారం రోజులు పనిచేసి పూర్తి టూలే రాసి పంపితే రెండు నష్టాలు: మన సమయం పోతుంది, దాన్ని చూడటానికి ఆయనకు రెండు గంటలు పడుతుంది కాబట్టి చూడటం వాయిదా పడుతుంది. 45 నిమిషాలు, రెండు ఫైళ్లు, ఆయన ఎదుటే. అది ఇద్దరికీ న్యాయం. పేర్లు, ధరలు తీసేయమన్నది కూడా కావాలనే, వాళ్ల కస్టమర్ల వివరాలు బయటివాళ్ల చేతిలో పెట్టాలంటే ఏ బాధ్యత గల ఫౌండరైనా ఒక్క క్షణం ఆగుతారు, ఆ ఆగడం ఒక రోజు ఆలస్యం కావచ్చు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ చాలామంది ఇక్కడే పొరపడతారు. మెయిల్‌ను కొత్తగా మొదలుపెట్టకుండా, ఆయన కాల్ లింక్ పంపిన మెయిల్‌కే జవాబుగా రాయాలి, సబ్జెక్ట్ మార్చకూడదు. జీమెయిల్‌లో సబ్జెక్ట్ మారిస్తే అది వేరే సంభాషణగా విడిపోతుంది, అప్పుడు మన రెజ్యూమె ఒక చోట, మన మెయిల్ ఇంకో చోట. ఆయన వాట్సాప్‌లో పిలిచి ఉంటే వాట్సాప్‌లోనే రాయాలి. ఎక్కడ మొదలైతే అక్కడే. మెయిల్ పంపి, లింక్డ్‌ఇన్‌లో అదే మాట పెట్టి, కో-ఫౌండర్‌కి కూడా ఒక కాపీ పంపితే ఇద్దరూ 'ఆ ఇంకొకరు చూసుకుంటారులే' అనుకుంటారు.

సోమవారం రాత్రి ఆయన మెసేజ్ రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ రెండు రోజులు నాకు టెన్షన్‌గానే గడిచాయి, కాల్‌లో ఏం తప్పు మాట్లాడానా అని ఒక్కొక్క వాక్యం నెమరేసుకున్నాను. బుధవారం ఉదయం ఒక లైను: "గురువారం 11 ఓకే. మా ఇంజనీర్ కూడా ఉంటాడు. ఫైళ్లు ఇవిగో." చేరిన చాలా రోజులకు ఆయనే చెప్పారు, సోమవారం రాత్రి మెసేజ్ పెడతానన్న సంగతి పూర్తిగా మర్చిపోయారట. ఆ వారం ఆయన ఏడుగురితో మాట్లాడారు, బుధవారం నాటికి నా పేరు గుర్తులేదు, కానీ ఎక్సెల్ గురించి ఎవరో బాగా మాట్లాడారని గుర్తుంది. ఇన్‌బాక్స్‌లో 'ఎక్సెల్' అని వెతికితే నా మెయిల్ దొరికింది. థ్యాంక్యూ మెయిల్ అయితే ఆ వెతుకులాటలో దొరికేది కాదు.

తర్వాత నేను వాళ్ల పక్కనే కూర్చుని మనుషులను తీసుకోవడంలో సాయం చేశాను కాబట్టి అటువైపు నుంచి కూడా చూశాను. మౌనానికి మనం ఊహించే కారణం దాదాపు ఒకటే, నచ్చలేదని. నేను చూసిన కారణాలు వేరు. ఒకసారి ఫౌండర్‌కి మనిషి నచ్చాడు, కానీ ఆ ఉద్యోగం అసలు కావాలా అన్నది కో-ఫౌండర్‌తో తేలలేదు. ఇంకోసారి పెద్ద కస్టమర్ ఒకరు సంతకం చేస్తేనే ఆ మనిషి జీతానికి డబ్బు ఉంటుంది, ఆ సంతకం రోజూ రేపు రేపు అని జరుగుతోంది. ఇలాంటప్పుడు ఫౌండర్లు కాదనరు, అవుననలేరు, సిగ్గుపడి మౌనంగా ఉంటారు.

అందుకే రెండో మెసేజ్ 'ఏమైనా అప్‌డేట్ ఉందా అండీ' అని ఉండకూడదని నేను గట్టిగా అంటాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు, లేకే కదా మౌనంగా ఉన్నారు. ఆయన చెప్పిన గడువు దాటాక ఒక రోజు ఆగి, గడువేమీ చెప్పకపోతే మూడు పనిదినాలు ఆగి, ఆ మౌనాన్ని సులువుగా విప్పే ప్రశ్న అడగాలి: "ఈ ఉద్యోగానికి డబ్బు ఇప్పటికే కేటాయించారా, లేక ఇంకా ఏదైనా తేలాల్సి ఉందా? తేలాల్సి ఉంటే పర్వాలేదు, ఎప్పటికి తెలుస్తుందో చెబితే వేరే చోట నడుస్తున్న మాటలు దాన్ని బట్టి చూసుకుంటాను." మా దగ్గరికి ఇలా రాసిన ఒకమ్మాయికి ఫౌండర్ అదే గంటలో ఫోన్ చేశారు, కస్టమర్ సంతకం సంగతి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆమె ఆగలేదు, వేరే చోట చేరింది. ఆమెకు అదే మంచిదైంది, ఆ సంతకం నాలుగు నెలలు పట్టింది.

దానికీ జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్క వాక్యం: ఫలానా తేదీన వేరే చోట మాటిస్తున్నాను, దానిలోపు మీ వైపు ఏమైనా ఉంటే చెప్పండి. ఆ తేదీ నిజమైనదై ఉండాలి. లేని ఆఫర్‌ను ఉన్నట్టు రాస్తే, పన్నెండు మంది ఉన్న చోట మొదటి రోజు నుంచీ అబద్ధంతో పక్కపక్కన కూర్చోవాలి. ఆ మూడో మెసేజ్ తర్వాత ఇంక రాయకూడదు. ఇంతకు మించి ఫాలో-అప్‌తో సాధించేది ఏమీ లేదు, వద్దనుకున్న మనిషి మనసు మార్చే శక్తి ఏ మెయిల్‌కీ లేదు.

ఇప్పుడు నాకు అసలు ముఖ్యమనిపించే భాగం. వేగంగా నడిచే ఇంటర్వ్యూలో మౌనం కంటే ప్రమాదకరమైంది నోటిమాట ఆఫర్. ఈ ఇంటర్వ్యూకి రెండేళ్ల ముందు నాకు ఇంకో చిన్న కంపెనీలో ఇది జరిగింది. ఫౌండర్ రెండో కాల్‌లోనే "మీరు వచ్చేస్తున్నారు, వచ్చే నెల నుంచి" అన్నారు, జీతం ఒక అంకె అన్నారు, షేర్లు కూడా ఇస్తామన్నారు. నేను సంతోషంతో ఏమీ రాసి పంపలేదు, అడిగితే నమ్మకం లేనట్టు ఉంటుందని. చేతిలో ఉన్న ఇంకో ఆఫర్ వదిలేశాను. మూడు వారాల తర్వాత వచ్చిన లెటర్‌లో జీతం ఆ అంకె కంటే తక్కువ, ఎందుకంటే ఆయన చెప్పింది బోనస్‌తో కలిపి, నేను విన్నది జీతంగా. షేర్ల ఊసే లేదు. ఆయన మోసం చేశారని నేను ఇప్పటికీ అనుకోను. ఇద్దరం నిజాయితీగానే రెండు వేరు వేరు సంభాషణలు గుర్తుపెట్టుకున్నాం, అసలు సంభాషణ ఎక్కడా రాసి లేదు.

అందుకని ఈసారి గురువారం కాల్ చివర్లో "ఒకటో తారీఖు నుంచి వచ్చేయండి" అని ఫౌండర్ అనగానే, గంటలోపు అదే థ్రెడ్‌లో రెండో మెయిల్ పంపాను:

"చాలా సంతోషం అండీ. నాకు అర్థమైనంతవరకు మనం అనుకున్నవి ఇవి: పని కస్టమర్ డేటా, మీకే నేరుగా రిపోర్ట్ చేస్తాను, జీతం మీరు చెప్పిన అంకె, బోనస్ కలపకుండా, 10,000 షేర్ల ఆప్షన్లు, నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది క్లిఫ్, చేరేది ఒకటో తారీఖు. మొత్తం షేర్లు ఎన్నో కూడా చెప్పగలరా? ఇందులో తప్పుంటే సరిచేయండి, సరిగ్గా ఉంటే లెటర్ రాగానే ఇక్కడ రాజీనామా ఇస్తాను."

షేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 10,000 అన్న అంకె వినడానికి పెద్దగా ఉంటుంది, కానీ కంపెనీలో అన్నీ కలిపి కోటి షేర్లుంటే అది 0.1 శాతం, 20 లక్షలుంటే 0.5 శాతం. ఐదు రెట్ల తేడా. మొత్తం తెలియకుండా మొదటి అంకెకు అర్థం లేదు. మొత్తం అంటే ఇప్పటికే ఇచ్చినవే కాదు, ఉద్యోగుల కోసం పక్కన పెట్టినవి, ఇన్వెస్టర్లకు తర్వాత షేర్లుగా మారేవి కూడా కలిపి. ఆప్షన్లంటే ముందే అనుకున్న ధరకు షేర్లు కొనుక్కునే హక్కు, నాలుగేళ్ల వెస్టింగ్ అంటే ఆ హక్కు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా మనదవుతుంది. ఏడాది క్లిఫ్ అంటే పన్నెండు నెలలు నిండకముందు మనం మానేసినా, వాళ్లు తీసేసినా ఒక్క షేరూ రాదు, నిండిన రోజు నాలుగో వంతు ఒకేసారి మన లెక్కలో పడుతుంది. ఇవి మామూలుగా ఉండే షరతులే. అయినా రాసి అడగాలి, ఎందుకంటే వీటిని వివరించే హెచ్‌ఆర్ అక్కడ లేరు, ఫౌండర్ మనకు తెలుసనే అనుకుంటారు.

'నాకు అర్థమైనంతవరకు', 'తప్పుంటే సరిచేయండి' అన్న మాటలు ఎంతో పనిచేస్తాయి. అవి ఆయన్ని నిలదీయవు. మనం విన్నదాన్ని చెప్పి, దిద్దే అవకాశం ఆయనకిస్తాయి. ఫౌండర్లు ఖాళీ కాగితం మీద షరతులు రాయడానికి వెనకాడతారు గానీ, ఎదురుగా ఉన్నదాన్ని దిద్దడానికి వెనకాడరు.

ఆయన నిజంగానే దిద్దారు. చేరేది ఒకటి కాదు, 15 చేసుకోండి, కొత్త జీతాల లెక్క అప్పుడే మొదలవుతుంది అన్నారు. నా నోటీస్ 30 రోజులు కాబట్టి నాకూ అదే నయం, ఒకటో తారీఖు అంటే లెక్క ఎలాగూ కుదరదు, కాల్‌లో ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. షేర్ల మొత్తం చెప్పి, 10,000 అన్నది బోర్డు ఆమోదించాకే ఖాయమవుతుంది, వచ్చే నెల మీటింగ్‌లో పెడతాను అని రాశారు. ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆ మెయిల్ పంపాలి, అప్పటిదాకా నేను ఆ షేర్లు వచ్చేసినట్టే అనుకుంటున్నాను. లెటర్ ఆరు రోజులకు వచ్చింది. దాని కింద ఆయన సంతకం చూసుకుని, మెయిల్‌లో ఉన్న విషయాలన్నిటితో వరసగా సరిచూసుకుని, అప్పుడు నేను పనిచేస్తున్న చోట రాజీనామా పంపాను.